‘పెన్సిలిన్ పడదు’ అన్నప్పుడు మనం ఏమి అడగాలి?

ఈ నెల ఆరోగ్య పాఠం



వార్డులో కేస్ షీటు తెరవగానే పైన ఎర్ర సిరాతో ‘పెన్సిలిన్ అలర్జీ’ అని రాసి ఉండడం మనం తరచుగా చూస్తుంటాం. ఎవరు రాశారు, ఏమి జరిగితే రాశారు అన్నది మాత్రం చాలా షీట్లలో ఉండదు. ఒకసారి రాసిన ఆ మాట పాత చీటీ నుండి కొత్త చీటీకి, ఈ ఆసుపత్రి నుండి ఆ ఆసుపత్రికి ఆ మనిషి వెంట పోతూనే ఉంటుంది.

ఆ మాట నిజమైతే అది ప్రాణాన్ని కాపాడుతుంది. అయితే చాలామంది విషయంలో అది నిజం కాదు. అమెరికాలో నూటికి సుమారు 10 మంది తమకు పెన్సిలిన్ అలర్జీ ఉందని చెబుతారు. అలా చెప్పినవారిని పద్ధతి ప్రకారం పరీక్ష చేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పెన్సిలిన్ ఏ ఇబ్బందీ లేకుండా పడుతుందని తేలింది. మరి వారికి ఆ పేరు ఎలా వచ్చింది? చిన్నప్పుడు మందు వేసుకొంటే విరేచనాలు అయ్యాయనో, సూది వేయగానే కళ్లు తిరిగాయనో, ‘వేడి చేసింది’ అనో ఎవరో అన్నారు. అది అలర్జీగా కాగితం మీదికి ఎక్కింది.

ఈ పాఠంలో మూడు సంగతులు నేర్చుకొందాం. నిజమైన అలర్జీకి, మామూలు దుష్ఫలితానికి తేడా ఏమిటి? ఆ తేడా తెలుసుకోవడానికి ఏ ప్రశ్నలు అడగాలి? వచ్చిన జవాబును బట్టి డాక్టరుగారు వేరే యాంటీబయాటిక్‌ను ఎలా ఎన్నుకొంటారు?

దుష్ఫలితం వేరు, అలర్జీ వేరు

ప్రతి మందుకూ మనం కోరుకొన్న పనితోపాటు కోరుకోని పని కూడా కొంత ఉంటుంది. దానినే దుష్ఫలితం, అనగా సైడ్ ఎఫెక్ట్ అంటాం. పెన్సిలిన్ జాతి మందులు జబ్బు చేసే క్రిములతోపాటు మన పేగులలో మేలు చేసే క్రిములను కూడా కొంత చంపుతాయి. అందువలన కడుపులో వికారం, వాంతి, పలుచని విరేచనాలు వస్తాయి. నోటిలో తెల్లని పూత, ఆడవారిలో తెల్లబట్ట, దురద రావడానికి కూడా కారణం ఇదే. మేలు చేసే క్రిములు తగ్గినచోట ఫంగస్ పెరుగుతుంది. మన ఇళ్లలో ‘మందు వేడి చేసింది’ అనేది ఎక్కువగా వీటినే. ఇవి బాధపెడతాయి, కాని అలర్జీ కాదు. మళ్లీ ఆ మందు అవసరమైతే వాడవచ్చు.

అలర్జీలో జరిగేది వేరు. శరీరం ఆ మందును శత్రువుగా గుర్తుపెట్టుకొని దానికి వ్యతిరేకంగా ఐ.జి.ఇ. అనే ప్రతిరక్షక పదార్థాన్ని తయారు చేసుకొంటుంది. అందుకే మొదటిసారి మందు వాడినప్పుడు ఏమీ కాకపోయినా తరువాతి సారి ప్రమాదం రావచ్చు. మందు మళ్లీ ఒంటిలో చేరగానే కొన్ని కణాల నుండి హిస్టమిన్ మొదలైన పదార్థాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. అప్పుడు దురద, ఒళ్లంతా ఉబ్బెత్తు దద్దుర్లు, పెదవులు, కళ్ల చుట్టూ వాపు, గొంతు పట్టేయడం, పిల్లికూతలతో ఆయాసం, బి.పి. పడిపోవడం జరుగుతాయి. ఇవి సాధారణంగా సూది వేసిన కొద్ది నిమిషాలలో, నోటితో తీసుకొంటే గంటలోపుగా మొదలవుతాయి. దీని తీవ్రరూపమే అనాఫిలాక్సిస్.

ఈ రెండింటి మధ్య మూడో రకం ఒకటి ఉన్నది. మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకు చర్మం మీద ఎర్రని మచ్చలు వస్తాయి. ముఖ్యంగా పిల్లలకు వైరస్ జ్వరంలో అమాక్సిసిలిన్ ఇచ్చినప్పుడు నాలుగో రోజో, ఐదో రోజో ఇలా కనబడుతుంది. చాలాసార్లు ఆ మచ్చలు వైరస్ వలన వచ్చినవే. ఒకవేళ మందు వలన వచ్చినా, ఆయాసం, వాపు లేకుండా తగ్గిపోతే అది ప్రాణం తీసే రకం కాదు.

అయితే ఆలస్యంగా వచ్చే వాటిలోనే ఒక భయంకరమైన రకం కూడా ఉంది. జ్వరంతోపాటు చర్మం మీద బొబ్బలు, చర్మం ఊడిపోవడం, నోటిలో, కళ్లలో, మూత్రద్వారం దగ్గర పుండ్లు వస్తే అది స్టీవెన్స్-జాన్సన్ జబ్బు కావచ్చు. అటువంటివారికి ఆ మందును మళ్లీ ఎన్నడూ ఇవ్వకూడదు. పరీక్ష కోసం కూడా ఇవ్వకూడదు. టెస్ట్ డోసు కూడా వేయకూడదు. ఈ ఒక్క సంగతిని గట్టిగా గుర్తుంచుకోండి.

అడగవలసిన నాలుగు ప్రశ్నలు

‘మీకు ఏదైనా మందు పడదా?’ అని అడిగి, ‘పెన్సిలిన్ పడదు’ అంటే రాసుకొని వెళ్లిపోవడం సగం పని మాత్రమే. వెంటనే ఈ నాలుగు ప్రశ్నలు అడగాలి.

1. ఏ మందు, ఎందుకు వాడారు? పాత చీటీ ఉందా?
2. మందు పడిన ఎంతసేపటికి, లేక ఎన్నవ రోజున తేడా చేసింది?
3. సరిగ్గా ఏమి జరిగింది, తగ్గడానికి ఏమి చేశారు? సూది మందు వేశారా? ఆసుపత్రిలో ఉంచారా?
4. ఇది జరిగి ఎన్నేళ్లయింది? ఆ తరువాత ఆ జాతి మందు ఏదైనా వాడారా?

నాలుగో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. నిజమైన అలర్జీ కూడా కాలక్రమంలో తగ్గుతుంది. పెన్సిలిన్‌కు నిజంగా అలర్జీ ఉన్నవారిలో సుమారు నూటికి 80 మందికి పదేళ్లు గడిచేసరికి అది పోతుంది. అంతకంటె ముఖ్యంగా, అలర్జీ అన్న మాట రాసిన తరువాత తెలియకుండానే అదే జాతి మందును వాడి బాగున్నవారు ఎందరో ఉంటారు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లాక్సాసిలిన్, పిపరాసిలిన్, ఆగ్మెంటిన్, పెనిడ్యూర్ ఇవన్నీ పెన్సిలిన్ కుటుంబమేనని వారికి తెలియదు. కాబట్టి ‘పెన్సిలిన్ వాడారా?’ అని అడిగితే సరిపోదు. ఈ పేర్లన్నీ చెప్పి అడగాలి. వీలైతే ఖాళీ స్ట్రిప్పులు, పాత చీటీలు తెప్పించి చూడాలి.

ఇప్పుడు పాఠం కోసం ముగ్గురిని తీసుకొందాం. ముగ్గురి కేస్ షీట్ల మీద ఒకే మాట ఉంది: ‘పెన్సిలిన్ అలర్జీ’.

మొదటి ఉదాహరణ: సిజేరియన్‌కు వచ్చిన తల్లి

ఆమెకు 27 ఏళ్లు. రెండో కాన్పు. మొదటిది సిజేరియన్ గనుక ఇది కూడా రేపు ఉదయం ఆపరేషన్. రాత్రి డ్యూటీ సిస్టరు షీటు చూసి పక్కన కూర్చొని అడిగింది.

“అమ్మా, పెన్సిలిన్ పడదని రాశారు. ఏమయింది నీకు?”

జవాబు ఆమె తల్లి చెప్పింది. “సిస్టరమ్మగారూ, దీనికి నాలుగో తరగతిలో గొంతు నొప్పి వచ్చిందండీ. మా ఊరి డాక్టరు గొట్టాలు ఇచ్చాడు. రెండోరోజు నుంచి ఒకటే విరేచనాలు. మందు పడలేదు, ఇక ఎప్పుడూ వాడొద్దు అన్నాడు.”

“ఒంటి మీద దద్దుర్లు లేచాయా? మూతి వాచిందా? ఆయాసపడిందా?”

“లేదండీ. మందు ఆపేశాక రెండురోజుల్లో తగ్గిపోయింది.”

“తరువాత ఎప్పుడైనా పంటి నొప్పికో, పుండుకో మందులు వాడావా అమ్మా?”

ఆమె ఆలోచించి, మూడేళ్ల క్రితం పన్ను తీయించుకొన్నప్పుడు ఐదు రోజులు మాత్రలు వేసుకొన్నానని చెప్పింది. ఆ చీటీ ఇంటి దగ్గర ఫైలులో ఉంది. భర్త తెల్లవారుజామున తెచ్చాడు. దాని మీద ఆగ్మెంటిన్ 625, రోజుకు రెండు, ఐదు రోజులు అని ఉంది. ఐదు రోజులూ వేసుకొంది. ఏమీ కాలేదు.

ఇప్పుడు చూడండి. మొదట జరిగింది విరేచనాలు, అది దుష్ఫలితం. అది జరిగి పదిహేనేళ్లు దాటింది. పైగా ఆ తరువాత అదే కుటుంబపు మందును పూర్తి కోర్సు వాడి బాగుంది. ఆమెకు పెన్సిలిన్ అలర్జీ లేదు. సిస్టరు ఈ వివరాలన్నీ రాసి డాక్టరుగారికి చూపించింది. డాక్టరమ్మగారు తానూ ఒకసారి అడిగి నిర్ధారించుకొని ఆ ఎర్రమాటను కొట్టివేసి, పక్కన కారణం, తేదీ రాసి సంతకం చేశారు.

దీనివలన ఆమెకు కలిగిన మేలు ఏమిటి? సిజేరియన్‌లో పుండు చీము పట్టకుండా కోతకు ముందు గంటలోపుగా ఇచ్చే మందులలో సెఫజోలిన్ 2 గ్రాములు నరానికి ఇవ్వడం మంచి పద్ధతి. ఒక్క డోసు చాలు. తీవ్రమైన అలర్జీ అని నమ్మి ఉంటే దాని బదులు క్లిండమైసిన్, జెంటామైసిన్ రెండూ ఇచ్చేవారు. జెంటామైసిన్ ఇచ్చేటప్పుడు మూత్రపిండాల సంగతి చూసుకోవాలి. క్లిండమైసిన్ వలన పేగుల జబ్బుతో తీవ్రమైన విరేచనాలు వచ్చే అవకాశం ఎక్కువ. ఇన్ని చేసినా ఆ రక్షణ సెఫజోలిన్ అంత గట్టిది కాదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 8,385 మంది ఆపరేషన్ పేషెంట్ల రికార్డులు పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ‘పెన్సిలిన్ అలర్జీ’ అని రాసి ఉన్నవారికి ఆపరేషన్ పుండు చీము పట్టే అవకాశం మిగతావారికంటె సుమారు సగం మేర ఎక్కువగా కనబడింది. కారణం వెదికితే, వారికి సెఫజోలిన్ ఇవ్వకుండా వేరే మందులు ఇవ్వడమే అని తేలింది.

రెండో ఉదాహరణ: కాలు వాచిన సంఘ పెద్ద

ఈయనకు 52 ఏళ్లు. ఎడమ కాలు పిక్క దగ్గర ఎర్రబడి, వాచి, వేడిగా ఉంది. చలి జ్వరం కొద్దిగా ఉంది. షుగరు లేదు. చర్మం కింద క్రిములు చేరిన సెల్యులైటిస్ ఇది. ఆయననూ అవే ప్రశ్నలు అడిగారు.

“అయ్యా, ఏ మందు వేస్తే ఏమయిందో కొంచెం వివరంగా చెప్తారా?”

“రెండేళ్ల క్రితం అమ్మా. దెబ్బ తగిలితే ఒక నర్సింగ్ హోములో ఆంపిసిలిన్ సూది వేశారు. పది నిమిషాలు కాలేదు, అరచేతులు, అరికాళ్లు దురద. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదవులు ఇంత లావు వాచాయి. ఊపిరి ఆడక పడిపోయాను. తొడకు ఏదో సూది వేసి, ఆక్సిజన్ పెట్టి, రెండు రోజులు ఉంచారు.”

ఇందులో సందేహానికి తావు లేదు. పది నిమిషాలలో వచ్చింది. చర్మం, ఊపిరి, రక్తప్రసరణ మూడూ దెబ్బతిన్నాయి. అత్యవసర చికిత్స చేశారు. జరిగి రెండేళ్లే అయింది. ఇది నిజమైన అలర్జీ. ఈయన షీటు మీద ఎర్ర అక్షరాలు ఉండవలసిందే. ఈయనకు వార్డులో టెస్ట్ డోసు వేసి చూద్దాం అనడం కూడా ప్రమాదమే, ఎందుకంటే నిజమైన అలర్జీ ఉన్నవారికి ఆ చిన్న చుక్కతో కూడా అనాఫిలాక్సిస్ రావచ్చు.

ఇక మందు ఎన్నుకోవాలి. పెన్సిలిన్ కుటుంబం మొత్తం పక్కన పెట్టాలి. అమాక్సిసిలిన్ ఉన్న ఏ మిశ్రమమూ, క్లాక్సాసిలిన్ ఉన్నదీ, పిపరాసిలిన్ ఉన్నదీ వాడరాదు. డాక్టరుగారు ఈయనకు క్లిండమైసిన్ 300 మి.గ్రా. 6 గంటలకోసారి రాశారు. విరేచనాలు రోజుకు మూడుసార్లు మించి అయినా, రక్తం పడినా మందు ఆపి వెంటనే రమ్మని సిస్టరు చెప్పి పంపింది. మందు కొట్టులో పేరు మార్చి ఏది ఇచ్చినా తీసుకోవద్దని కూడా చెప్పింది.

సెఫలోస్పోరిన్లు ఇవ్వవచ్చునా?

ఈయన విషయంలోనే మన విద్యార్థినులు తరచుగా అడిగే ప్రశ్న వస్తుంది. ‘పెన్సిలిన్ పడనివారికి పదిమందిలో ఒకరికి సెఫలోస్పోరిన్ కూడా పడదు’ అని పాత పుస్తకాలలో చదివాం. ఆ లెక్క తొలినాటి సెఫలోస్పోరిన్ల నుండి వచ్చింది. అప్పుడు వాటిని తయారు చేసేటప్పుడు పెన్సిలిన్ అణువులు కొద్దిగా కలిసి ఉండేవి. ఇప్పటి శుద్ధమైన మందులతో చూస్తే, నిజమైన పెన్సిలిన్ అలర్జీ ఉన్నవారిలో కూడా నూటికి సుమారు ఇద్దరికే తేడా చేస్తుంది.

ఇంకొక సంగతి తెలిస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. ఈ రెండు కుటుంబాల మందులకు మధ్యలో ఒకే రకమైన ఉంగరం లాంటి నిర్మాణం ఉంది. దాని పక్కన ఒక కొమ్మ ఉంటుంది. రెండు కుటుంబాల మధ్య అలర్జీ కలవడానికి ముఖ్య కారణం ఆ కొమ్మ. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్‌ల కొమ్మకూ సెఫలెక్సిన్, సెఫడ్రాక్సిల్, సెఫాక్లర్‌ల కొమ్మకూ పోలిక ఎక్కువ. అందువలన ఆంపిసిలిన్‌తో అనాఫిలాక్సిస్ వచ్చిన ఈ పెద్దాయనకు ఈ మూడు మాత్రలు ఇవ్వకూడదు. మన మందు కొట్లలో సెఫలెక్సిన్, సెఫడ్రాక్సిల్ తేలికగా దొరుకుతాయి గనుక ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం.

సెఫజోలిన్ కొమ్మ మరి ఏ పెన్సిలిన్‌తోనూ కలవదు. సెఫ్‌ట్రయాక్సోన్, సెఫోటాక్సిమ్‌ల కొమ్మలు ఒకదానితో ఒకటి పోలి ఉంటాయి గాని ఆంపిసిలిన్‌ను పోలి ఉండవు. కాబట్టి ఈ పెద్దాయన జ్వరం పెరిగి వార్డులో చేరవలసి వస్తే, డాక్టరుగారి నిర్ణయం మేరకు వీటిలో ఒకటి ఇవ్వవచ్చు. మొదటి డోసు మన కళ్ల ఎదుట, అడ్రినలిన్ పక్కన పెట్టుకొని ఇవ్వాలి. మెరోపెనెమ్ వంటి కార్బపెనెమ్‌లకు పెన్సిలిన్‌తో అలర్జీ కలవడం నూటికి ఒకటి కంటె తక్కువ. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, వాంకోమైసిన్ వంటివి వేరే కుటుంబాలు. వాటికి ఈ అలర్జీతో సంబంధం లేదు. అయితే అలర్జీ రాదన్నంత మాత్రాన ప్రతి జబ్బుకూ అవి సరిపోతాయని కాదు. ఏ క్రిమి మీద ఏది పనిచేస్తుందో చూసి డాక్టరే రాయాలి.

మూడో ఉదాహరణ: సూది వేయగానే పడిపోయిన అమ్మాయి

ఈ అమ్మాయికి 14 ఏళ్లు, బరువు 34 కిలోలు. కీళ్ల వాతజ్వరం, అనగా రుమాటిక్ ఫీవర్ వచ్చి గుండె కవాటం కొద్దిగా దెబ్బతింది. జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి బెంజథిన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్లు పిరుదు కండరానికి వేయాలి. ఒకసారి ఉదయం ఏమీ తినకుండా వచ్చి, చాలాసేపు వరుసలో నిలబడి సూది వేయించుకొంది. నిమిషం తిరగకముందే ముఖం తెల్లబడి, చల్లని చెమట పట్టి పడిపోయింది. ‘పెన్సిలిన్ రియాక్షన్’ అని రాశారు. ఆనాటి నుండి ఎరిత్రోమైసిన్ మాత్రలు ఇచ్చారు. రోజుకు రెండుసార్లు, ఏళ్ల తరబడి వేసుకోవాలి. కడుపులో మంట అంటూ పిల్ల మానేసింది. ఆరు నెలలకు కీళ్లనొప్పులతో, జ్వరంతో మళ్లీ వచ్చింది. ఈ జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ కవాటం ఇంకా పాడవుతుంది.

అదృష్టవశాత్తు ఆ రోజు సిస్టరు నాడి, బి.పి. రాసి ఉంచింది. నాడి 48, బి.పి. 80/50. దద్దుర్లు లేవు, వాపు లేదు, పిల్లికూతలు లేవు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టగా ఐదు నిమిషాలలో నాడి 80, బి.పి. 100/60. అడ్రినలిన్ వేయలేదు.

ఈ అంకెలే జవాబు చెబుతున్నాయి. భయానికి, నొప్పికి వచ్చే మూర్ఛలో నాడి నెమ్మదిస్తుంది, చర్మం తెల్లబడి చల్లబడుతుంది, పడుకోబెడితే త్వరగా తేరుకొంటారు. అనాఫిలాక్సిస్‌లో సాధారణంగా నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకొంటుంది, చర్మం ఎర్రబడి దద్దుర్లు, దురద ఉంటాయి, ఊపిరి ఇబ్బంది పెరుగుతూ పోతుంది. ఆ క్షణంలో ఏదో తేల్చుకోలేకపోతే అనాఫిలాక్సిస్ అనే భావించి చికిత్స చేయాలి. కాని ఆ తరువాత కూర్చొని నాడి, బి.పి., చర్మం సంగతి చూసి ఏమి జరిగిందో సరిగా రాయాలి.

డాక్టరుగారు ఈ అమ్మాయికి మళ్లీ పెన్సిలిన్ సూది మొదలుపెట్టారు. ఈసారి టిఫిన్ తిని, నీళ్లు తాగి రమ్మన్నారు. మంచం మీద బోర్లా పడుకోబెట్టారు. మందును బాగా కలిపి 21 నంబరు సూదితో రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా వేశారు. అరగంట పడుకోబెట్టి చూసి పంపించారు. మూర్ఛ రాలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఒక సలహా ప్రకటించింది. కవాటం తీవ్రంగా దెబ్బతిన్నవారు, గుండె బలహీనమై ఆయాసపడేవారు ఈ సూది తరువాత చనిపోయినప్పుడు అందరూ అలర్జీ అనుకొన్నారు గాని, చాలావరకు అది బి.పి. ఒక్కసారిగా పడిపోతే ఆ గుండె తట్టుకోలేకపోవడం వలన కావచ్చునని అందులో చెప్పారు. అటువంటివారికి సూది బదులు పెన్సిలిన్ మాత్రలు మేలు. కాబట్టి ఆయాసం ఉన్న రుమాటిక్ పేషెంటుకు పాత చీటీ చూసి సూది వేసేయకుండా ముందు డాక్టరుగారికి చూపించండి.

టెస్ట్ డోసు ఎంతవరకు నమ్మవచ్చు?

మన ప్రాంతంలో పెన్సిలిన్‌ను పలుచన చేసి ముంజేతి చర్మంలో కొద్దిగా వేసి చూడడం అలవాటు. దీనిని రెండు వైపులా పొరపాటు లేకుండా అర్థం చేసుకోవాలి. పొక్కు రాలేదంటే అలర్జీ లేదని పూర్తి హామీ కాదు, ఎందుకంటే ఒంటిలో పెన్సిలిన్ విడిపోయి తయారయ్యే పదార్థాలకు అలర్జీ ఉండవచ్చు. సరైన చర్మపరీక్షకు ఆ పదార్థాలు కూడా కావాలి. మరోవైపు సూది గుచ్చిన చోట కాస్త ఎర్రబడిందని అలర్జీ అని రాసేస్తే మరో తప్పుడు పేరు పుడుతుంది. మందు చిక్కగా కలిపినా ఆ చోట మంటకు ఎర్రబడుతుంది.

అందువలన టెస్ట్ డోసు కంటె పైన చెప్పిన నాలుగు ప్రశ్నలే ఎక్కువ చెబుతాయి. ప్రమాదం తక్కువ అని తేలినవారికి డాక్టరు సమక్షంలో నోటి ద్వారా అమాక్సిసిలిన్ ఇచ్చి కనీసం గంటసేపు గమనించి అలర్జీ లేదని నిర్ధారించే పద్ధతి ఇప్పుడు అనేక దేశాలలో ఉంది. ఇది ఆసుపత్రిలో మాత్రమే చేయవలసిన పని. ఇంటి దగ్గర ‘ఒక మాత్ర వేసుకొని చూద్దాం’ అని ఎవరూ ప్రయత్నించరాదు.

నిజంగా రియాక్షన్ వస్తే

పెన్సిలిన్ వేసే ప్రతిచోటా అడ్రినలిన్ ట్రేలో ఉండాలి. తాళం వేసిన బీరువాలో ఉంటే లేనట్టే. అనాఫిలాక్సిస్ అనుకోగానే 1:1000 అడ్రినలిన్‌ను పెద్దవారికి అర మిల్లీలీటరు, పిల్లలకు కిలో బరువుకు 0.01 మి.లీ. చొప్పున, అర మిల్లీలీటరు మించకుండా తొడ బయటి వైపు కండరానికి వేయాలి. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ వేయాలి. పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఆయాసం ఎక్కువైతే కూర్చోబెట్టవచ్చు గాని నిలబెట్టి నడిపించకూడదు. ఆక్సిజన్, సెలైన్ ఇవ్వాలి. ఏవిల్, హైడ్రోకార్టిసోన్ తరువాత ఇచ్చేవి. వాటి కోసం వెదుకుతూ అడ్రినలిన్ ఆలస్యం చేయరాదు.

కేస్ షీటులో ఎలా రాయాలి?

‘పెన్సిలిన్ అలర్జీ’ అని రెండు మాటలతో ఆపవద్దు. ఇలా రాయండి: “ఆంపిసిలిన్ సూది. 10 నిమిషాలకు దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం, స్పృహ తప్పడం. అడ్రినలిన్ ఇచ్చారు. రెండేళ్ల క్రితం.” లేదా ఇలా: “అమాక్సిసిలిన్. రెండోరోజు విరేచనాలు మాత్రమే. తరువాత ఆగ్మెంటిన్ ఐదు రోజులు వాడారు, తేడా లేదు. దుష్ఫలితం, అలర్జీ కాదు.” అలర్జీ అన్న మాటను కొట్టివేసే అధికారం డాక్టరుగారిది. వివరాలు సేకరించి ముందు పెట్టే బాధ్యత మనది. నిజమైన అలర్జీ ఉన్నవారికి మందు పేరు, జరిగినది, తేదీ రాసిన చిన్న కార్డు ఇచ్చి ఎప్పుడూ దగ్గర ఉంచుకోమని చెప్పాలి. అలర్జీ లేదని తేలినవారికి కూడా అలాగే ఒక కాగితం ఇవ్వాలి. లేకపోతే తరువాతి ఆసుపత్రిలో వారే మళ్లీ ‘నాకు పెన్సిలిన్ పడదు’ అంటారు.

మీరు ఎంత నేర్చుకొన్నారు?

1. అమాక్సిసిలిన్ వేసుకొన్న మూడోరోజు నోటిలో తెల్లని పూత వచ్చింది. ఇది అలర్జీయా?
2. పదేళ్ల క్రితం ఒక మందుతో ఒళ్లంతా బొబ్బలు, నోటిలో, కళ్లలో పుండ్లు వచ్చి చర్మం ఊడింది. చాలాకాలమైంది గనుక టెస్ట్ డోసు వేయవచ్చునా?
3. ఆంపిసిలిన్‌తో అనాఫిలాక్సిస్ వచ్చిన వ్యక్తికి సెఫలెక్సిన్, సెఫజోలిన్‌లలో ఏది వాడకూడదు?
4. సూది వేయగానే పడిపోయిన పేషెంటుకు నాడి 46, చర్మం తెల్లగా చల్లగా ఉంది, దద్దుర్లు లేవు. ఇది ఏమై ఉండవచ్చు?

జవాబులు: 1. కాదు. ఫంగస్ పెరగడం వలన వచ్చిన దుష్ఫలితం. 2. ఎన్ని ఏళ్లయినా వేయకూడదు. 3. సెఫలెక్సిన్. దాని కొమ్మ ఆంపిసిలిన్‌ను పోలి ఉంటుంది. 4. భయానికి, నొప్పికి వచ్చిన మూర్ఛ. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి, నాడి, బి.పి. చూస్తూ ఉండాలి, అన్నీ రాసి ఉంచాలి.

పాఠకులకు ఒక విన్నపం. మీలో ఎవరికైనా ‘పెన్సిలిన్ పడదు’ అని రాసి ఉంటే, ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ పాత చీటీలన్నీ తీసుకురండి. చిన్నప్పుడు ఏమి జరిగిందో మీ అమ్మగారిని గాని, ఇంటిలోని పెద్దవారిని గాని ముందే అడిగి రండి. ఆ సంగతి తెలిసినవారు వారే.

— నర్సింగ్ సూపరింటెండెంట్